గురువారం రాత్రా, శుక్రవారం తెల్లవారా?

రాత్రి రెండూ పదికి మా తోడల్లుడి ఫోను మోగింది. "అయ్యా, మీ గేటు దగ్గరున్నాం. సెక్యూరిటీ అబ్బాయి లోపలికి వెళ్లనివ్వడం లేదు, మీరొక్క మాట చెప్పాలి" అని అవతల పంతులుగారు. మా వాడికి సగం నిద్రలో ఏమీ అర్థం కాలేదు. గేటంటే బాచుపల్లిలో కొన్న కొత్త ఫ్లాటు గేటు. ఆయన అప్పుడు పడుకున్నది మియాపూర్‌లో అద్దె ఇంట్లో. గృహప్రవేశం మర్నాటి రాత్రి. ఆవు రావాల్సింది మర్నాటి రాత్రి. పూలు, అరటిపిలకలు, పాలగిన్నె, చుట్టాలు అందరూ మర్నాటి రాత్రికే. పంతులుగారు మాత్రం శిష్యుణ్ణి బండి వెనక కూర్చోబెట్టుకుని, సంచీ భుజాన వేసుకుని, సరిగ్గా ఇరవై నాలుగు గంటలు ముందు వచ్చి నిలబడ్డారు.

తప్పు ఎవరిదని మేం తర్వాత చాలాసేపు వాదించుకున్నాం. మా వాడు పంతులుగారికి పెట్టిన మెసేజీ ఇది: "పంతులుగారూ నమస్కారం. 23 గురువారం తె. 3.12కి గృహప్రవేశం. తప్పకుండా రావాలి." దానికి ఆయన రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపారు. విషయం అయిపోయిందనుకుని ఇద్దరూ ఫోన్లు పక్కన పెట్టేశారు. తీరా చూస్తే ఆ ఒక్క వాక్యంలోనే రెండు వేర్వేరు రాత్రులున్నాయి.

ముహూర్తం పెట్టింది తెనాలిలో మా వాళ్ల సిద్ధాంతిగారు. ఆయన చీటీలో రాసింది "గురువారం రాత్రి తె. గం. 3-12 ని.లకు, తెల్లవారితే శుక్రవారం, కుంభ లగ్నం" అని. పంచాంగం లెక్కలో వారం సూర్యోదయంతో మొదలై మళ్లీ సూర్యోదయం దాకా నడుస్తుంది. అర్ధరాత్రికి అక్కడ ఏ విలువా లేదు. గురువారం పొద్దున పొడిచిన సూర్యుడు మళ్లీ పొడిచేదాకా గురువారమే. కాబట్టి రాత్రి మూడూ పన్నెండు ఆయన దృష్టిలో నికరంగా గురువారం. ఫోనులో క్యాలెండరు మాత్రం పన్నెండు కొట్టగానే రోజు మార్చేస్తుంది. దాని లెక్కలో అదే ఘడియ 24వ తేదీ శుక్రవారం. చీటీలోని "గురువారం" అనే మాటను మా వాడు తీసుకున్నాడు, దానికి క్యాలెండరు చూసి 23 అని తగిలించాడు, "తెల్లవారితే శుక్రవారం" అన్న ముక్కను పొడుగెందుకని వదిలేశాడు. మెసేజీ అందుకున్న పంతులుగారు ఆ తేదీని ఫోనులో వేసుకుని అలారం పెట్టుకున్నారు. ఫోను లెక్కలో 23 తెల్లవారుజాము మూడూ పన్నెండంటే బుధవారం రాత్రి. ఆయన చదివింది చదివినట్టే చేశారు.

అర్ధరాత్రి దాటాక పన్నెండూ ఇరవైకి బయల్దేరే రైలుకు ఒకరోజు ఆలస్యంగా స్టేషనుకు వెళ్లినవాళ్లు ప్రతి ఇంటా ఒకరుంటారు. పెళ్లి శుభలేఖలో బ్రాకెట్లో ఉన్న "తెల్లవారితే" చూడకుండా మర్నాడు సాయంత్రం పట్టుచీర కట్టుకుని వచ్చిన పెద్దమ్మలూ ఉంటారు. కానీ అతిథి తప్పిపోతే భోజనం ఒకటి మిగులుతుంది. పురోహితుడు తప్పిపోతే గడప దగ్గర నిలబడిపోవాలి.

మరి శాస్త్రం తెలిసిన మనిషికి అనుమానం రాలేదా అని మా అత్తగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు లగ్నంలో ఉంది. రోజుకు పన్నెండు లగ్నాలు, ఒక్కోటీ సుమారు రెండు గంటలు. ఇవాళ ఒక లగ్నం ఏ వేళకు మొదలైతే రేపు దానికి నాలుగు నిమిషాలు ముందు మొదలవుతుంది, అంతే తేడా. కాబట్టి బుధవారం రాత్రి మూడూ పన్నెండుకీ కుంభమే, గురువారం రాత్రి మూడూ పన్నెండుకీ కుంభమే. తిథి, నక్షత్రం మారతాయి, అవి సిద్ధాంతిగారు చూసే ఉంటారని ఈయన ధీమా. మరొకరు పెట్టిన ముహూర్తాన్ని తవ్వి చూడటం మర్యాద కాదనే సంకోచం కూడా కొంత ఉంటుంది. ముహూర్తం పెట్టేవారు ఒక ఊళ్లో, జరిపించేవారు మరో ఊళ్లో ఉండటం ఇప్పుడు మామూలైపోయింది. వాళ్లిద్దరి మధ్య ఉన్న తీగ మన మెసేజీ ఒక్కటే.

ఇక్కడితో అయిపోతే నవ్వుకుని వదిలేసేవాళ్లం. అసలు చిక్కు తర్వాత వచ్చింది. పంతులుగారు పాపం కోప్పడలేదు గానీ, గురువారం రాత్రి తనకు వీలుపడదన్నారు. నిజాంపేటలో మరో గృహప్రవేశం ఒప్పుకున్నారు, అదీ రెండూ యాభైకి. ఇందులో వింతేమీ లేదు. గృహప్రవేశానికి స్థిర లగ్నాలు కావాలంటారు. వృషభం, సింహం, వృశ్చికం, కుంభం ఈ నాలుగే స్థిర లగ్నాలు. ఏప్రిల్ నాలుగో వారంలో సూర్యుడు మేషంలో ఉంటాడు కాబట్టి సూర్యోదయానికి మేష లగ్నం నడుస్తుంది, దానికి ముందు మీనం, ఆ ముందు కుంభం. హైదరాబాదులో ఆ రోజుల్లో కుంభ లగ్నం ఇంచుమించు రెండింటి నుంచి మూడున్నర దాకా పడుతుంది. ఒక మంచి రాత్రి దొరికిందంటే ఊళ్లో ఇల్లు కట్టుకున్నవాళ్లందరికీ ఆ గంటన్నరే కావాలి. పైగా 2026లో, పరాభవ నామ సంవత్సరంలో, అధిక జ్యేష్ఠం వచ్చింది. మే 17 నుంచి జూన్ 15 దాకా ఆ నెల శుభకార్యాలకు పక్కన పెట్టేది. దాంతో జ్యేష్ఠంలో చేసుకుందామనుకున్న చాలామంది వైశాఖంలోకి జరిగారు. అలాంటి నెలలో పురోహితుడు ఒక్క రాత్రిలో రెండు మూడు గడపలు దాటించాల్సి వస్తుంది.

పంతులుగారు తన బాబాయిగారి కొడుకును పంపుతానన్నారు. గురువారం పొద్దున ఆయన నంబరు ఇచ్చారు. ఈసారి మెసేజీ నేను రాశాను. గొప్పకు చెప్పడం కాదు, మా వాడు రాసినదాంట్లో ఏ మాట ఎందుకు పనికిరాలేదో తేలిపోయాక రాయడం సులువే.

"నమస్కారమండీ. అన్నయ్యగారు మీ నంబరు ఇచ్చారు. బాచుపల్లి గృహప్రవేశం గురించి.

ఇవాళ 23 గురువారం రాత్రి, తెల్లవారితే 24 శుక్రవారం. ఇవాళ రాత్రి భోజనాలయ్యాక వచ్చే తెల్లవారుజామే.

గడప దాటే వేళ 3.12, కుంభ లగ్నం. మీరు గేటు దగ్గరికి రావలసిన వేళ 1.45.

గణపతి పూజ, గోపూజ, వాస్తు హోమం, సత్యనారాయణ వ్రతం. సింహద్వారం తూర్పు. కౌండిన్య గోత్రం. సామాను అన్నయ్యగారు ఇచ్చిన జాబితా ప్రకారం తెచ్చాం, హోమద్రవ్యాలు మీరు తెస్తామన్నారు.

మీతో ఎంతమంది వస్తారు? చివరిదాకా మీరే ఉంటారా? ఇంటి నుంచి ఎన్నింటికి బయల్దేరతారు? ఈ మూడింటికి జవాబు పెట్టగలరు."

ఇందులో తేదీ సంగతి సరే. రెండు వారాల పేర్లూ, రెండు తేదీలూ రాశాక కూడా "భోజనాలయ్యాక" అని చేర్చడం అతి జాగ్రత్త అని మా వాడు ఎగతాళి చేశాడు. రాత్రి పన్నెండుకూ సూర్యోదయానికీ మధ్య ముహూర్తమున్నప్పుడు తేదీ కంటే రాత్రిని చెప్పడమే మేలని నేనంటాను. అంకె పొరబడుతుంది. "బుధవారం పడుకుని లేచాకనా, గురువారం పడుకోకముందా" అన్నది పొరబడదు. సూర్యోదయం తర్వాత పడే ముహూర్తానికి ఈ గొడవే లేదు, పంచాంగం వారమూ క్యాలెండరు వారమూ అప్పుడు ఒకటే.

అన్నింటికంటే ఎక్కువ తేడా తెచ్చేది ఆ రెండు వేళలు. ముహూర్తం వేళ ఒకటి, రావలసిన వేళ ఒకటి. మనం సాధారణంగా మొదటిది మాత్రమే చెప్పి రెండోది ఆయనకే వదిలేస్తాం. ఆయనకు తెలియదా అనుకుంటాం. పూజకు ఎంతసేపు పడుతుందో ఆయనకు తెలుసు. మన గేటు దగ్గర ఎంతసేపు పడుతుందో తెలియదు. అందుకని 3.12 నుంచి వెనక్కి లెక్కపెట్టాం.

మూడూ పన్నెండంటే దంపతులు దేవుడి పటం, పూర్ణకుంభం, దీపం పట్టుకుని కుడికాలు లోపల పెట్టే క్షణం. దానికి ముందు జరిగేదంతా గడప ఇవతలే. పసుపు గణపతికి పూజ, సంకల్పం, గోపూజ, ద్వారపూజ. సంకల్పంలో ఇంటిల్లిపాది పేర్లూ చెప్పించుకుని, ఏదీ హడావిడి పడకుండా చేయాలంటే ముప్పావు గంట. చివర అందరినీ వరసలో నిలబెట్టి, గుమ్మడికాయ ఎవరు కొడతారో, పటం ఎవరు పట్టుకుంటారో తేల్చడానికి ఇంకో ఐదారు నిమిషాలు. అంటే పూజ రెండూ ఇరవైకి మొదలవ్వాలి. అంతకుముందు ఆయన కాళ్లు కడుక్కుని, సంచీ విప్పి, పీటలు వేయించి, ముగ్గు పెట్టించి, కలశం సర్దుకోవడానికి పాతిక నిమిషాలు. ఎవరింట్లోనైనా సరే ఈ పాతిక నిమిషాల్లోనే తమలపాకులు కారులో మిగిలిపోయాయనో, అగ్గిపెట్టె లేదనో తెలుస్తుంది. అంటే ఒకటీ యాభై ఐదు. గేటులో పేరు రాయించుకుని, ఏ బ్లాకో వెతుక్కుని, లిఫ్టు ఎక్కి పైకి రావడానికి పది నిమిషాలు. ఒకటీ నలభై ఐదు అలా వచ్చింది.

ఆయన కూకట్‌పల్లి నుంచి రావాలి. ఆ వేళకు రోడ్డు ఖాళీ, అరగంట చాలు. కాబట్టి ఆయన ఇంట్లో బయల్దేరాల్సింది ఒకటింబావుకు.

"ఓ పది నిమిషాలు అటూఇటూ అయితే ఏమవుతుంది" అనేవాళ్లు ప్రతి గృహప్రవేశంలో ఉంటారు. లగ్నం రెండు గంటలదే గాని, సిద్ధాంతులు దాన్ని తొమ్మిది అంశలుగా విడదీసి అందులో మంచిదాన్ని ఎంచి వేళ పెడతారు. రెండు గంటల్లో తొమ్మిదో వంతంటే పదమూడు నిమిషాలు. మూడూ పన్నెండు అన్న అంకెకు అటూఇటూ ఉన్న చోటు అంతే. దీన్ని నమ్మాలా వద్దా అన్నది ఎవరిష్టం వారిది. నమ్మి తెనాలి దాకా ఫోను చేసి ముహూర్తం పెట్టించుకున్నవాళ్లు పురోహితుడు ఇరవై నిమిషాలు ఆలస్యమైతే ఊరుకోలేరు. అందుకే ఆయన దారిలో చిక్కుకుపోతే ఏం చేయాలో కూడా ముందే అడిగి పెట్టుకున్నాం. చాలామంది పురోహితులు చెప్పేదే ఆయనా చెప్పారు. దీపం వెలిగించి, పటం పట్టుకుని, వేళకు గడప దాటేయండి, పాలు పొంగించండి, నేను వచ్చి మిగతాది జరిపిస్తాను అని. ఈ మాట ముందురోజు పగలు అడిగితే అర నిమిషంలో తేలుతుంది. మూడూ పదికి చీకట్లో నిలబడి అడిగితే చుట్టాలంతా తలొక శాస్త్రం చెబుతారు.

ఇక జవాబుల సంగతి. నేను గమనించినంతలో పురోహితులందరూ ఏ మెసేజీకైనా ముందు చేతులు జోడించిన బొమ్మే పంపుతారు. అది "సరే, వస్తాను" కావచ్చు, "నమస్కారానికి ప్రతినమస్కారం" కావచ్చు, "చూశాను, తర్వాత చెబుతాను" కూడా కావచ్చు. "తప్పకుండా రావాలి" అని రాస్తే దానికి ఆ బొమ్మ చాలు. "వస్తారా?" అని అడిగినా చాలు. "ఎన్నింటికి బయల్దేరతారు?" అని అడిగితే మాత్రం బొమ్మతో కుదరదు, అంకె చెప్పాలి. ఆ అంకె చెప్పాలంటే ఆయన ఒక్కసారి పంచాంగమో ఫోనో తెరిచి చూసుకోవాలి. పొరపాటుంటే అక్కడే బయటపడుతుంది. బుధవారం రాత్రికి ముందు మా వాడు ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే "ఇవాళ రాత్రి ఒకటింటికి బయల్దేరతాం" అని జవాబొచ్చేది, ఆ "ఇవాళ" చూసి ఉలిక్కిపడి ఫోను చేసేవాడు.

"చివరిదాకా మీరే ఉంటారా" అన్న ప్రశ్న అడగడానికి కొంచెం మొహమాటంగా ఉంటుంది. పెద్దాయన్ని నిలదీసినట్టుంటుందని అత్తగారు అభ్యంతరం చెప్పారు. కానీ వైశాఖంలో దీనికి అర్థం వేరే. చాలాచోట్ల పెద్ద పురోహితుడు గడప దాటించి, పాలు పొంగించి, పుణ్యాహవచనం చేసి, హోమమూ వ్రతమూ శిష్యుడికి అప్పగించి రెండో ఇంటికి వెళ్లిపోతారు. అందులో దోషమేమీ లేదు. శిష్యులు కొన్నిసార్లు వ్రతకథ ఐదు అధ్యాయాలూ గురువుగారి కంటే శ్రద్ధగా చదువుతారు కూడా. ముందు తెలియకపోతేనే ఇబ్బంది. సంభావన ఎవరి చేతిలో పెట్టాలి, కొత్త బట్టలు ఎన్ని జతలు తేవాలి, ఫలహారం ఎందరికి అన్నీ దాని మీదే ఆధారపడతాయి. సంభావన ఎంతన్నది మాత్రం మెసేజీలో రాయలేదు. అది ఫోనులో మాట్లాడుకునేది. రాసి పెడితే బేరం కాగితంలా ఉంటుంది.

ఒకటి మరిచిపోయాం, దాన్ని చెప్పకపోతే ఈ కథ మరీ మా గొప్ప అయిపోతుంది. ఫ్లాటు పైకప్పులో పొగను పసిగట్టే పరికరం ఉంది. వాస్తు హోమానికి ఇటుకలూ ఇసుకా సిద్ధం చేశాం గాని ఆ పరికరం గుర్తు రాలేదు. మెసేజీ చదివి పురోహితుడే అడిగారు, "హోమం ఏ గదిలోనండీ, పైన అలారం ఉందా?" అని. ఎక్కడో ఒక ఇంట్లో పూర్ణాహుతి వేళ గణగణమని మోగి జనం మెట్ల మీద పరుగెత్తారట. మా వాడు అపార్ట్‌మెంటు ఆఫీసుకు వెళ్లి, ఆ ఫ్లాటు వరకు కాసేపు ఆపడానికి మనిషిని రాత్రికి ఒప్పించి వచ్చాడు. దాంతోపాటే గేటులో రెండు పేర్లు రాయించాడు, ఒకటి పురోహితుడిది, రెండోది ఆవును తోలుకొచ్చే మనిషిది. ఆవును ఏ గేటు నుంచి రానిస్తారో కూడా అప్పుడే తేలింది. ముందు గేటు నుంచి కాదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఇంకో మెలిక తోడవుతుంది. మా మేనకోడలు న్యూజెర్సీలో ఇల్లు కొన్నప్పుడు ఊళ్లోని సిద్ధాంతిగారు వేళ పెట్టారు. ఆ వేళ ఇండియాదా అక్కడిదా అన్నది ఎవరూ అడగలేదు. లగ్నం చోటును బట్టి మారుతుంది, ఇక్కడ కుంభం నడుస్తున్నప్పుడు అక్కడ మరో లగ్నం. కాబట్టి ఇండియా వేళలోంచి గంటలు తీసేసుకుంటే ఆ క్షణం దొరుకుతుంది గాని అక్కడి లగ్నం దొరకదు. అక్కడి ఊరి పేరు చెప్పి, ఆ ఊరికే లెక్క కట్టించుకోవాలి. అక్కడ గడియారాన్ని ఏడాదికి రెండుసార్లు జరుపుతారు కూడా, న్యూజెర్సీకీ మనకూ తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. చివరకు ఆ అమ్మాయి అక్కడి పురోహితుడికి పంపిన మెసేజీలో వేళ పక్కన "ఇది మా ఊరి గడియారం ప్రకారం" అని రాసింది.

గురువారం మధ్యాహ్నానికి మా మెసేజీకి జవాబొచ్చింది. మొదట చేతులు జోడించిన బొమ్మ. నా గుండె కొంచెం జారింది. వెంటనే కింద ఇంకో నాలుగు ముక్కలు: "ఇద్దరం వస్తాం. వ్రతం అయ్యేదాకా నేనే ఉంటాను. 1.10కి బయల్దేరతాం. ఫలహారం వద్దు, అన్నీ అయ్యాక భోజనం చేస్తాం." రాత్రి తొమ్మిదికి మా వాడు లొకేషను పంపి, గేటు నంబరూ బ్లాకు పేరూ మరోసారి రాశాడు. ఆ తర్వాత ఇంక ఫోను చేయనివ్వలేదు నేను. ఒంటిగంటకు లేవాల్సిన మనిషిని పదింటికి లేపి "గుర్తుంది కదండీ" అని అడగడంలో పుణ్యం లేదు.

ఒకటీ పన్నెండుకు "బయల్దేరాం" అని ఒక్క మాట వచ్చింది. ఒకటీ నలభైకి గేటు దగ్గర బండి ఆగింది. ముందు రాత్రి ఆపినవాడే సెక్యూరిటీ అబ్బాయి, పుస్తకంలో పేరు చూసుకుని గేటు బారుగా తీశాడు. ఆవును తోలుకొచ్చే మనిషి మాత్రం అప్పటికింకా రాలేదు. అతనికి మా వాడు ముందు రోజే పెట్టిన మెసేజీలో "23 తె. 3 గంటలకు" అని ఉందని అప్పుడు గుర్తొచ్చింది.